బ్లాగు పోస్టులతో వారపు ఉత్తరం: ఒక సంచిక తయారీ డైరీ

తెలుగు బ్లాగుల్లో ఆ వారం వచ్చిన వాటిలోంచి ఐదు పోస్టులు ఏరి, ఒక్కోదానికి చిన్న పరిచయం రాసి, శనివారం పొద్దున మెయిల్లో పంపే న్యూస్‌లెటర్ నాది. చందాదారులు నాలుగు వందల మంది దాకా ఉంటారు. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క సంచిక ఎలా తయారైందన్న లెక్క. ఎక్కడ ఏం విరిగింది, ఎంత కొలిచాను, ఏది ఎందుకు మార్చాను అన్నది పూర్తిగా రాశాను కాబట్టి ఇలాంటిది నడుపుతున్నవాళ్లు కావలసిన ముక్క నేరుగా ఎత్తుకుపోవచ్చు.

పనిముట్లు: ఒక ఫీడ్ రీడర్, ఒక స్ప్రెడ్‌షీట్, సాదా టెక్స్ట్ ఎడిటర్, చేత్తో రాసుకున్న హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్, పంపడానికి ఒక మెయిల్ సర్వీసు, పరీక్షించడానికి ఇంట్లో ఉన్న ఫోన్లు (అందులో ఒకటి బాగా పాత ఆండ్రాయిడ్, దాని విలువ తర్వాత తెలుస్తుంది).

## దశ 1: ఏరడం

బ్లాగర్ బ్లాగులకు చిరునామా చివర `/feeds/posts/default`, వర్డ్‌ప్రెస్ వాటికి `/feed/` చేరిస్తే ఫీడ్ దొరుకుతుంది. ఇవన్నీ రీడర్లో పడతాయి, అందులోంచి శీర్షిక, లింకు, తేదీ స్ప్రెడ్‌షీట్లోకి వెళతాయి.

మొదటి చిక్కు తేదీతోనే. ఈ వారం "కొత్తవి" అని వచ్చినవాటిలో ఒకే బ్లాగు నుంచి తొమ్మిది పోస్టులు కనిపించాయి. వారంలో తొమ్మిది రాసేవాళ్లు ఎవరున్నారా అని తెరిచి చూస్తే అన్నీ 2011 నాటివి. ఆయన పాత పోస్టులకు లేబుళ్లు సర్దుకుంటున్నారు. బ్లాగర్ ఫీడ్‌లో ప్రతి పోస్టుకూ రెండు తేదీలుంటాయి, `<published>` ఒకటి, `<updated>` ఇంకొకటి. పోస్టును ఏ కాస్త సవరించినా రెండోది మారిపోతుంది. నేను వాడే రీడర్ రెండోదాన్ని పట్టుకుని వరస పెడుతోంది. స్ప్రెడ్‌షీట్లో తేదీ గడిని `<published>`కి మార్చాక ఆ తొమ్మిదీ పోయాయి. పాత పోస్టు ఇవ్వకూడదని కాదు, ఇస్తే పాతదని చెప్పి ఇవ్వాలి.

వడపోతకి నేను పెట్టుకున్న మెట్లు ఇవి:

1. శీర్షిక, మొదటి పేరా చదవడం. ఇంకో చోట వచ్చిన వార్తను తిరగరాసినదైతే అక్కడే ఆపేయడం.
2. మిగిలినవి చివరిదాకా చదవడం. ఈ పోస్టులో తప్ప ఇంకెక్కడా దొరకని విషయం ఏముందో ఒక్క వాక్యంలో స్ప్రెడ్‌షీట్లో రాయడం. ఆ వాక్యం రాయలేకపోతే పోస్టు పక్కకి.
3. లింకు ఫోన్లో, లాగిన్ లేకుండా తెరుచుకుంటోందో లేదో చూడటం.

రెండో మెట్టే అసలు జల్లెడ. చదువుతున్నప్పుడు బావుందనిపించి, వాక్యం రాయబోతే చేతికి ఏమీ చిక్కని పోస్టులు చాలానే ఉంటాయి. అవి చెడ్డవని కాదు. నాలుగు మాటల్లో పరిచయం చేయడానికి వాటిలో పట్టు దొరకదు, బలవంతాన రాస్తే "తప్పక చదవండి" అన్న మాట దగ్గర తేలుతుంది.

నిలిచిన ఐదు: ఊరి చెరువు పూడిక గురించి ఒక రిటైర్డ్ ఇంజనీరు రాసింది, తాతల నాటి దస్తావేజుల్లోని భిన్నాల గుర్తుల మీద ఒకటి, అమెరికా చలిలో ఇడ్లీ పిండి పులియబెట్టడం గురించి ఒకటి, ఒక బడి పంతులుగారి హాజరు పట్టీ కథ, ఒక పాత రేడియో మరమ్మతు.

ఇప్పటికి: ఫీడ్‌లో వచ్చినవి 61, తేదీ సరిచేశాక 52, పూర్తిగా చదివినవి 19, నిలిచినవి 5.

## దశ 2: పరిచయాలు

అన్నిటికన్నా ఎక్కువ టైము తినేది ఇదే. చెరువు పోస్టు పరిచయం ఎన్ని రూపాలు మార్చుకుందో చూపిస్తాను, మిగతావి ఇదే దారిలో నడిచాయి.

మొదటి రూపం:

> మన ఊళ్లలో చెరువుల ప్రాముఖ్యత గురించి, పూడిక వల్ల కలిగే నష్టాల గురించి ఒక రిటైర్డ్ ఇంజనీరు రాసిన చక్కటి వ్యాసం.

దీన్ని పోస్టు తెరవకుండానే, శీర్షిక చూసి ఎవరైనా రాసేయొచ్చు. పైగా "ప్రాముఖ్యత గురించి" అనగానే చదివేవాడికి బళ్లో వ్యాసరచన పోటీ గుర్తొస్తుంది.

రెండో రూపానికి పోస్టులోంచి ఒక లెక్క పట్టుకొచ్చాను. ఎకరం నేల మీద అడుగు మందం అంటే 43,560 ఘనపుటడుగులు. ఆయన చెప్పిన చెరువు నీటి విస్తీర్ణం 20 ఎకరాలు. అందులో అడుగు మందాన పూడిక పేరుకుంటే 8,71,200 ఘనపుటడుగుల నీటి చోటు మట్టి పాలవుతుంది. అలుగు ఎత్తు మాత్రం మారదు కాబట్టి తక్కువ నీళ్లకే చెరువు నిండి అలుగు పారుతుంది, ఊరంతా చెరువు నిండిందని సంతోషపడుతుంది.

> అలుగు పారిందంటే చెరువు నిండినట్టే. కానీ 20 ఎకరాల చెరువులో అడుగు పూడిక ఉంటే దాదాపు 8.7 లక్షల ఘనపుటడుగుల నీళ్లు తక్కువ నిండినట్టు. ఆయకట్టుకు ఆ మేరకు కోత పడుతుంది.

ముందురోజు సాయంత్రం పరిచయాన్ని పోస్టు రాసినవారికి పంపే అలవాటు ఉంది. అనుమతి కోసం కాదు, లింకు ఇవ్వడానికి అనుమతి అక్కర్లేదు. నేను చెప్పింది ఆయన చెప్పిందేనా అని చూపించుకోవడానికి. ఇంజనీరుగారి జవాబు గంటలో వచ్చింది: మూడో వాక్యం తప్పు. తూము గడప కంటే కింద ఉన్న నీళ్లు ఎలాగూ కాలవలోకి పారవు. పూడిక ముందు ఆ లోతులో చేరినంత కాలం ఆయకట్టుకు నష్టం పెద్దగా ఉండదు (వేసవిలో గొడ్లకు, ఊరి బావులకు ఉంటుంది). తూము మట్టాన్ని దాటి పైకి లేచిన పూడికే పంటకు కోత పెడుతుంది. ఆయన పోస్టులో నాలుగో పేరా అంతా ఇదే.

మూడో రూపం, వెళ్లినది:

> అలుగు పారిందంటే చెరువు నిండినట్టే, కానీ నిండినవి నీళ్లా, మట్టా? 20 ఎకరాల చెరువులో అడుగు పూడిక అంటే 8.7 లక్షల ఘనపుటడుగులు. అందులో పంటకు నష్టం చేసేది ఎంత, చేయనిది ఎంత అనేది తూము గడప దగ్గర కొలిచి చూపించారు ఒక రిటైర్డ్ ఇంజనీరు.

లింకు మాటగా "ఇక్కడ నొక్కండి" వాడటం మానేశాను. ఐదు పరిచయాల కింద ఐదు "ఇక్కడ"లు ఉంటే, చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో లింకుల జాబితా వింటున్నప్పుడు ఐదూ ఒకేలా వినిపిస్తాయి. పోస్టు శీర్షికే లింకు. దాని కింద సుమారుగా ఎన్ని నిమిషాల చదువో ఇస్తున్నాను, ఎందుకంటే రేడియో మరమ్మతు పోస్టు చాలా పొడుగు, ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద.

ఇప్పటికి: పరిచయాలు 5, ఒక్కోటి 30 నుంచి 60 పదాలు. పోస్టు రాసినవాళ్లు సరిచేసినవి 2 (రెండోది ఇడ్లీ పిండి: నేను రాత్రంతా ఓవెన్ ఆన్ చేసి ఉంచాలన్నట్టు రాశాను, ఆమె చెప్పింది లోపలి బల్బు మాత్రమే).

## దశ 3: సబ్జెక్ట్ లైను

దీన్ని చివర్లో రాస్తాను, పరిచయాలు ఖాయమయ్యాకే. ముందే రాసుకుంటే సంచికను దానికి సరిపెట్టాలన్న యావ మొదలవుతుంది.

పక్కన పెట్టినవి, వాటి కారణాలు:

"వారపు ఉత్తరం – సంచిక 23". పంపినవారి పేరు ఇన్‌బాక్సులో పక్కనే కనిపిస్తుంది, అదే మళ్లీ ఇక్కడెందుకు? సంచిక నంబరు నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు, అది మెయిల్ లోపల అడుగున ఉంది.

"ఈ వారం చదవాల్సిన ఐదు బ్లాగు పోస్టులు". అబద్ధం కాదు. వచ్చేవారం కూడా నిజమే. అదే దీనితో గొడవ.

"చెరువు పూడిక, పాత లెక్కలు, ఇడ్లీ పిండి, ఇంకా…". కొన్ని వారాలు ఇలాగే పంపాను. జాబితాలో ఏ ఒక్కటీ ఆగి చూసేంత చెప్పదు. చిన్న ఫోన్లో మూడో అంశం దాటగానే తెగిపోతుంది కూడా.

"౼ అంటే ఎంత?". ఇది నాకు బాగా నచ్చింది. ఆ గుర్తు తెలుగులో పదహారో వంతుకు, అంటే వీసానికి. ఈ భిన్నపు గుర్తులకు యూనికోడ్‌లో చోటుంది, U+0C78 నుంచి U+0C7E దాకా. కానీ యూనికోడ్‌లో చోటుండటం వేరు, ఫోన్ ఫాంటులో బొమ్మ ఉండటం వేరు. పాత ఆండ్రాయిడ్‌లో అది ఖాళీ డబ్బాగా కనిపించింది. "డబ్బా అంటే ఎంత?" అని సబ్జెక్ట్ పంపలేను కదా. మెయిల్ లోపలైతే బొమ్మగా పెట్టుకోవచ్చు (అలాగే పెట్టాను, బొమ్మ రాకపోతే కనిపించే మాటగా "వీసం గుర్తు" అని ఇచ్చి), సబ్జెక్ట్ లైనులో ఆ వీలు లేదు.

ఎంచుకున్నది:

> అలుగు పారింది, చెరువులో నీళ్లెన్ని?

మొదటి పోస్టులోని అసలు వాదన ఇందులో ఉంది, పరిచయంలోని ప్రశ్న కూడా ఇదే. ప్రశ్న వేసి మెయిల్లో జవాబు దాచే రకం సబ్జెక్టులు నాకు చిరాకు. ఇక్కడ మెయిల్ తెరిచిన మొదటి మూడు వాక్యాల్లోనే జవాబు సగం దొరుకుతుంది, మిగతా సగం పోస్టులో ఉంది.

పొడవు ఎలా కొలవాలన్నది తెలుగులో వేరే కథ. సబ్జెక్ట్ ఇన్ని "క్యారెక్టర్లు" ఉండాలని ఇంగ్లీషు సలహాలు చెప్పే అంకె ఇక్కడ పనికిరాదు. ఈ ఒక్క లైనునే మూడు రకాలుగా కొలిస్తే:

1. కంటికి కనిపించే అక్షరాలు, ఖాళీలు, గుర్తులు కలిపి: 18
2. యూనికోడ్ సంకేతాలు (పైథాన్‌లో `len` చెప్పేది): 35
3. యూటీఎఫ్-8 బైట్లు: 95

"నీళ్లెన్ని" కంటికి మూడక్షరాలు, లోపల పది సంకేతాలు. ఒత్తులు కిందికి పోతాయి కాబట్టి అడ్డంగా పెద్దగా చోటు తినవు. అందుకని ఇన్‌బాక్సులో పట్టే పొడవుకి మొదటి లెక్కే చూడాలి. నా చిన్న ఫోన్లో సుమారు 24 అక్షరాల దగ్గర తెగుతోంది, కాబట్టి 18 సుఖంగా సరిపోయింది. మెయిల్ సర్వీసు మాత్రం 35 అని చూపిస్తూ "కాస్త తగ్గించండి" అని ఎర్రగా హెచ్చరించింది. పట్టించుకోలేదు.

మూడో లెక్క ఎందుకంటే, అక్కడే ఒకటి విరిగింది. పరీక్ష మెయిళ్లు పంపే పాత స్క్రిప్టుతో ఈ సబ్జెక్టును పంపితే ఒక యాప్‌లో చక్కగా వచ్చింది. ఇంకో యాప్‌లో చివరి "న్ని" ఉండాల్సిన చోట నల్ల డైమండులో ప్రశ్నార్థకాలు వచ్చాయి. కారణం తవ్వితే ఇది తేలింది. మామూలుగా మెయిల్ హెడరులోకి తెలుగు నేరుగా వెళ్లదు, `=?UTF-8?B?…?=` అన్న తొడుగులో ముక్కలుగా వెళుతుంది. మెయిల్ హెడర్ల ప్రమాణం RFC 2047 ప్రకారం ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. తొడుగుకి 12 పోగా మిగిలేవి 63. బేస్64 మూడేసి బైట్లను నాలుగేసి అక్షరాలుగా రాస్తుంది కాబట్టి 60 వాడుకోవచ్చు, దాంట్లో 45 బైట్లు పడతాయి. తెలుగు సంకేతానికి మూడేసి బైట్ల చొప్పున పదిహేను సంకేతాలు. మన లైను 95 బైట్లు కాబట్టి మూడు ముక్కలు.

స్క్రిప్టు కళ్లు మూసుకుని 45వ బైటు దగ్గర, 90వ బైటు దగ్గర కోస్తోంది. మొదటి కోత అదృష్టం కొద్దీ "చె" పూర్తయిన చోట పడింది. రెండోది "న్ని"లోని రెండో న మధ్యలో పడింది, దాని మూడు బైట్లలో రెండు ఇటు, ఒకటి అటు. ముక్కలన్నీ కలిపాక విప్పే యాప్‌కి ఇబ్బంది లేదు. ముక్క ముక్కగా విప్పేదానికి రెండు వైపులా చెత్తే. నియమం ప్రకారం ఒక అక్షరం బైట్లను రెండు ముక్కల మధ్య చీల్చకూడదు. ఇంగ్లీషులో అక్షరానికి ఒకటే బైటు కాబట్టి ఈ స్క్రిప్టు రాసినవాళ్లకు ఎప్పుడూ కనపడి ఉండదు.

పరిష్కారం చేత్తో కోయడం మానేసి లైబ్రరీకి వదిలేయడం. పైథాన్‌లో ఉన్నదే సరిపోతుంది:

```python
from email.header import Header
s = "అలుగు పారింది, చెరువులో నీళ్లెన్ని?"
print(Header(s, "utf-8").encode())
```

మీరు వాడే సర్వీసు ఎలా కోస్తుందో తెలుసుకోవాలంటే పొడుగాటి తెలుగు సబ్జెక్టుతో మీకే ఒకటి పంపుకుని, వచ్చిన మెయిల్ మూలరూపం తెరిచి, ముక్కలను విడివిడిగా విప్పి చూడండి. ఒక సబ్జెక్టుతో బాగుందని వదిలేయకండి, కోత ఎక్కడ పడుతుందన్నది ప్రతి లైనుకూ మారుతుంది. ఒక్క ఖాళీ కలిపినా కోత పక్కకి జరుగుతుంది.

ఇప్పటికి: సబ్జెక్టులు రాసినవి 5, నిలిచింది 1, 18 అక్షరాలు, 95 బైట్లు, 3 ముక్కలు.

## దశ 4: ప్రివ్యూ మాట

సబ్జెక్ట్ పక్కనో కిందో లేత రంగులో కనిపించే మాటలివి. విడిగా ఇవ్వకపోతే మెయిల్ యాప్, ఉత్తరం లోపలి మొదటి మాటలను ఎత్తుకుంటుంది. మా టెంప్లేట్లో మొదటి మాటలు ఏమిటంటే "ఈ మెయిల్ సరిగ్గా కనిపించకపోతే బ్రౌజర్లో తెరవండి". అంటే చాలా వారాలుగా ఇన్‌బాక్సులో నా ఉత్తరం తన మీద తానే ఫిర్యాదు చేసుకుంటూ వెళుతోంది.

ఆ లింకును మెయిల్ అడుగుకి దించి, ప్రివ్యూకి వేరే మాట రాశాను. మొదట అనుకున్నది "పూడిక పేరుకున్న చెరువులో నీళ్లెన్ని ఉంటాయో తెలుసుకోండి". ఇది సబ్జెక్టునే ఇంకోసారి చెప్పడం. రెండు లైన్లూ కలిపి ఒకేసారి కంటబడతాయి కాబట్టి రెండోది మొదటిది చెప్పని పని చేయాలి. నా లెక్కలో ఆ పని మిగతా పోస్టుల ఆనవాళ్లు ఇవ్వడం. చెరువు మీద ఆసక్తి లేనివాళ్లు ఇడ్లీ కోసమైనా తెరుస్తారు.

> పూడిక లెక్క చెప్పిన రిటైర్డ్ ఇంజనీరు. దస్తావేజుల్లో వీసం గుర్తు. చలిలో ఇడ్లీ పిండి

కంటి లెక్కలో 43 అక్షరాల పొడవు... ఇందులో ముఖ్యమైనది ముందు పెట్టాలి, ఎందుకంటే ఎంత కనిపిస్తుందన్నది మన చేతిలో లేదు. కంప్యూటర్లో జీమెయిల్ తెరిస్తే సబ్జెక్టూ ప్రివ్యూ ఒకే వరసలో ఉంటాయి, సబ్జెక్ట్ పెరిగితే ప్రివ్యూకి చోటు తగ్గుతుంది. చివరి "ఇడ్లీ పిండి" తెగినా పర్లేదు. "ఇంజనీరు" తెగితే మొదటి లైనులోని ప్రశ్నకి ఆసరా పోతుంది.

ఇంకో తిప్పలు: ప్రివ్యూ చిన్నదైతే మిగిలిన చోటుని యాప్, ఉత్తరం లోపలి తర్వాతి మాటలతో నింపేస్తుంది. ఇడ్లీ పిండి పక్కనే "నమస్కారం, ఈ వారం…" వచ్చి అతుక్కుంది. దీనికి అందరూ వాడే చిట్కా, కంటికి కనపడని గుర్తులను వరసగా నింపడం:

```html
<div style="display:none;max-height:0;overflow:hidden">
పూడిక లెక్క చెప్పిన రిటైర్డ్ ఇంజనీరు. …
&#847;&zwnj;&nbsp;&#847;&zwnj;&nbsp;
</div>
```

చివరి వరసలో రెండుసార్లు కనిపించే సెట్టును వందసార్ల దాకా రిపీట్ చేయాలి (ఒక్క సెట్టు 18 బైట్లు, వంద అంటే 1.8 కేబీ, భరించొచ్చు). ఒక జాగ్రత్త: ఇందులోని `&zwnj;` తెలుగులో నిజంగా పని చేసే గుర్తు కూడా. "వెబ్‌సైట్" అన్నప్పుడు బ్ కింద స ఒత్తు పడకుండా ఆపేది అదే. కనపడని గుర్తులన్నీ తీసేసే "క్లీన్" బటన్ ఎడిటర్లో ఉంటే దాన్ని ముట్టుకోకండి. దాన్ని నొక్కితే రేడియో పోస్టు పరిచయంలో "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలన్నీ ఒత్తులతో గజిబిజి అయ్యాయి, మళ్లీ చేత్తో సరిచేయాల్సి వచ్చింది.

## దశ 5: సైజు

హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగం కత్తిరించి, పూర్తి మెయిల్ చూడాలంటే నొక్కమని లింకు ఇస్తుంది. కత్తెరలో పోయేది అడుగు భాగం, అంటే చందా రద్దు లింకు ఉండే చోటు. రద్దు లింకు కనపడనివాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు, అది పంపేవాడికి చాలా చేటు. ఎవరు తెరిచారో లెక్కపెట్టే కనపడని బొమ్మ కూడా సాధారణంగా అడుగునే ఉంటుంది కాబట్టి ఆ లెక్కా పోతుంది.

ఈ సంచిక మొదటిసారి 118 కేబీ వచ్చింది. ఐదు పరిచయాల ఉత్తరానికి అంత ఎలా?

1. వర్డ్ ప్రాసెసర్ నుంచి అతికించిన పరిచయాలు ప్రతి రెండు మాటలకీ ఒక `<span style=…>` మోసుకొచ్చాయి. సాదా టెక్స్టుగా మళ్లీ అతికించాను: 60 కేబీకి దిగింది.
2. ఆన్‌లైన్ ఎడిటర్ ప్రతి తెలుగు సంకేతాన్నీ `&#3077;` లాంటి అంకెగా మార్చి పెట్టింది. యూటీఎఫ్-8లో మూడు బైట్లు పట్టేది ఇలా ఏడు బైట్లు పడుతుంది. నేరుగా తెలుగులోనే ఉంచమని సెట్టింగ్ మార్చాను: 40 కేబీ.
3. తెలుగు మాటలున్న లింకులు. చిరునామాలో ఒక్క తెలుగు సంకేతం `%E0%B0%85` అని తొమ్మిది అక్షరాలవుతుంది. వీటిని వదిలేశాను, లింకులు ఐదే కాబట్టి. ముప్పై లింకులిచ్చేవాళ్లయితే చూసుకోవాలి.

ఇప్పటికి: 118 → 60 → 40 కేబీ.

## దశ 6: పంపడం, ఆ తర్వాత

పంపేముందు మెయిల్ మూలరూపంలో ఈ రెండు వరసలు ఉన్నాయా అని చూస్తాను:

```
List-Unsubscribe: <https://example.com/u/abc123>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

జీమెయిల్ చిరునామాలకి రోజుకి 5,000కి పైగా మెయిళ్లు పంపేవాళ్లకి 2024లో జీమెయిల్ ఇవి తప్పనిసరి చేసింది. నాలాంటి చిన్నవాళ్లకి తప్పనిసరి కాదు కానీ పెట్టుకుంటే మంచిది. రెండో వరస ఎందుకుందో తెలిస్తే ఇంకో గొట్టు ప్రశ్నకీ జవాబు దొరుకుతుంది. కొన్ని కంపెనీల భద్రతా సాఫ్ట్‌వేర్ మెయిల్ రాగానే అందులోని లింకులన్నీ తానే తెరిచి చూస్తుంది, రద్దు లింకుతో సహా. తెరవగానే రద్దయ్యేలా పెడితే మనిషి ప్రమేయం లేకుండా చందాదారు పోతారు. హెడరులోని రద్దు `POST` రకం వెబ్ అభ్యర్థనతోనే జరుగుతుంది, ఊరికే తెరిస్తే జరగదు. మెయిల్ అడుగున కనిపించే లింకు మాత్రం "నిజంగానే రద్దు చేయాలా?" అని అడిగే పేజీకి వెళ్లాలి.

సగం మందికి ఒక సబ్జెక్టు, సగం మందికి ఇంకోటి పంపి ఏది గెలిచిందో చూడమని ఒక మిత్రుడి సలహా. నాలుగు వందల మందితో అది తేలదు. చెరో 200 మందిలో ఒకవైపు 20 మంది, ఇంకోవైపు 26 మంది లింకు నొక్కారనుకోండి, 10 శాతం, 13 శాతం. ఈ సైజులో రెండూ ఒకే సబ్జెక్టు అయినా సరే ఆరు శాతం దాకా తేడా రావడం మామూలే. మూడు శాతం చూసి సబ్జెక్ట్ గెలిచిందనడం బొమ్మా బొరుసూ వేసి నాణేన్ని మెచ్చుకోవడమే. తెరిచినవాళ్ల లెక్కతో చూద్దామంటే అదీ నమ్మదగ్గది కాదు. 2021లో ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్లో ప్రైవసీ రక్షణ వచ్చాక, దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకి మనిషి తెరవకపోయినా ఆ కనపడని బొమ్మ ముందే లోడవుతుంది, తెరిచినట్టు నమోదవుతుంది.

అందుకని నేను చూసేవి లింకుల మీద నొక్కులు, జవాబు మెయిళ్లు. నొక్కుల్లో మొదటి పని, మెయిల్ చేరిన నిమిషంలోపు ఒకే చిరునామా నుంచి అన్ని లింకులూ వరసగా తెరుచుకుంటే ఆ వరసను కొట్టేయడం. అది మనిషి కాదు.

కొట్టేశాక చూస్తే ఎక్కువ నొక్కులు ఇడ్లీ పిండికి, తర్వాత చెరువుకి. అలాగైతే ఇడ్లీనే సబ్జెక్టులో పెట్టాల్సింది అన్నారు ఒకరు. నాకలా అనిపించలేదు. సబ్జెక్ట్ చూసి మెయిల్ తెరిచాకే ఇడ్లీ కనపడుతుంది, కాబట్టి ఈ లెక్క ఆ మాట చెప్పదు. జవాబు మెయిళ్లన్నీ మాత్రం చెరువు మీదే వచ్చాయి. ఒకరు తమ ఊరి తూము ఫోటో పంపారు, గడప మట్టిలో కూరుకుపోయి ఉంది. దాన్ని ఇంజనీరుగారికి పంపిస్తే, తూము గడప మట్టం ఎలా కనిపెట్టాలో ఇంకో పోస్టు రాస్తానన్నారు. వచ్చేవారం వరసలో అది మొదటిది, సబ్జెక్ట్ ఇంకా రాయలేదు.